రోజూ సంగటి, ఆకుకూర తిన్నా ఐరన్ ఎందుకు పెరగడం లేదు?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాంసం ముట్టను. రోజూ రాత్రి రాగి సంగటి, ఆకుకూర పప్పు తింటా, తినగానే టీ తాగుతా. గ్యాస్‌కి చాలాకాలంగా రోజూ పాంటోప్రజోల్ వేసుకుంటున్నా. హిమోగ్లోబిన్ 9.4, ఫెరిటిన్ 8 వచ్చింది. వారానికోసారి మటన్ తినే మా అక్కకు 12.6 ఉంది. నేనూ మటన్ మొదలుపెట్టాలా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

డాక్టర్ సలహా: మటన్ కోసం అలవాటు మార్చుకోనక్కర్లేదమ్మా. ముందు ఆ టీ సంగతి, గ్యాస్ మాత్ర సంగతి చూద్దాం.

మాంసంలో ఉండే ఐరన్‌లో కొంత భాగం హీమ్ అనే రింగు లోపల బిగించి ఉంటుంది. చిన్నపేగు మొదటి భాగంలోని కణాలు ఆ రింగును రింగులాగే లోపలికి తీసుకుని, లోపలికెళ్లాక ఒక ఎంజైమ్‌తో విడగొట్టి ఐరన్‌ను బయటికి తీస్తాయి. దారంతా రింగులోనే ఉంటుంది కాబట్టి టీలోని టానిన్లుగానీ గింజల్లోని ఫైటేట్‌గానీ దాన్ని పెద్దగా పట్టుకోలేవు, కడుపులో యాసిడ్ తక్కువైనా అంత ఇబ్బంది ఉండదు. రాగులు, పప్పులు, ఆకుకూరల్లో ఉండేదంతా నాన్ హీమ్ ఐరన్, దానికి ఆ రక్షణ లేదు. కడుపులోని యాసిడ్‌లో అది కరగాలి, ఫెర్రిక్ రూపం నుంచి ఫెర్రస్ రూపానికి మారాలి, అప్పుడుగానీ పేగు కణం మీదున్న డీఎంటీ1 అనే ద్వారం దాన్ని లోపలికి రానివ్వదు. తిరుపతి చుట్టుపక్కలవాళ్లకి ఇది చెప్పడం సులువే: ఒకటి స్పెషల్ దర్శనం, ఇంకోటి సర్వదర్శనం క్యూ, లోపలికెళ్లాక అందరూ ఒక్కచోటే.

మీ విషయంలో ఈ రెండో దారిలో మూడు అడ్డంకులున్నాయి. గ్యాస్ మాత్ర యాసిడ్‌ను తగ్గిస్తోంది, రాగుల్లోనే ఫైటేట్, టానిన్లు ఎక్కువ, పైగా తిన్నవెంటనే టీ.

ఇప్పుడు లెక్క చూడండి. 100 గ్రాముల రాగి పిండిలో ఐరన్ సుమారు 4.6 మిల్లీగ్రాములు. అందులో 5 శాతం పేగు తీసుకుంటే ఒంటికి పట్టేది 0.23. మీ అక్క తినే 100 గ్రాముల మటన్‌లో ఉన్నదే సుమారు 2 మిల్లీగ్రాములు, అందులోనూ సగానికన్నా తక్కువే హీమ్, దానిలో నాలుగో వంతు, మిగతాదానిలో కొద్దిగా కలిపి ఒంటికి పట్టేది దాదాపు 0.3. (శరీరంలో నిల్వలు ఖాళీగా ఉంటే పేగు ఇంకాస్త ఎక్కువ లాక్కుంటుంది, అందుకే ఇవి ఉజ్జాయింపు అంకెలే.) చెమట, మలం, రాలిపోయే కణాల ద్వారా రోజూ పోయేదే సుమారు 1 మిల్లీగ్రాము, నెలసరి రక్తం దానిమీద అదనం. వారానికోసారి వచ్చే ఆ 0.3 వల్ల మీ అక్కకు 12.6 ఉందంటే నేను నమ్మను. ఒకటి మాత్రం నిజం, సంగటితో పాటు మటనో కోడి పులుసో తింటే ఆ మాంసం సంగటిలోని నాన్ హీమ్ ఐరన్‌ను కూడా ఎక్కువగా పట్టేలా చేస్తుంది. అయినా అసలు తేడా నెలసరి రక్తస్రావంలో ఉండొచ్చు. మీకు 7 రోజులు దాటుతుందా, గడ్డలు పడుతున్నాయా? ఉంటే గైనకాలజిస్టును కలవండి.

మాంసం చేసే పనిలో చాలావరకు నిమ్మకాయ చేస్తుంది. విటమిన్ సి ఐరన్‌ను ఫెర్రస్ రూపంలోకి మార్చి, ఫైటేట్‌కి చిక్కకుండా పట్టుకుని ఉంచుతుంది, కానీ అదే పూట, అదే ముద్దలో ఉండాలి. పొద్దున ఉసిరి తిని రాత్రి సంగటి తింటే లాభం లేదు. పప్పు పొయ్యి మీద నుంచి దించాకే నిమ్మరసం పిండండి, ఉడికితే విటమిన్ సి చాలావరకు పోతుంది. రాత్రంతా పులిసిన అంబలిలో ఫైటేట్ కొంత తగ్గుతుంది కాబట్టి అది కూడా మంచిదే. టీ మానమని చెప్పను, ఎలాగూ మానరు, అన్నానికీ టీకీ మధ్య గంటన్నా గ్యాప్ ఇవ్వండి.

అయితే ఫెరిటిన్ 8 అంటే నిల్వలు అడుగంటాయి, అది తిండితో నిండదు, మాత్రలు కావాలి. ఆ మాత్రల్లోదీ నాన్ హీమ్ ఐరనే, అంటే టీతో వేసుకుంటే దానికీ ఇదే గతి. ఒక మాత్ర వేసుకున్నాక హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి దాదాపు ఒక రోజు పేగు నుంచి ఐరన్ రక్తంలోకి పోకుండా ఆపుతుంది, అందుకే చాలామందికి రోజు విడిచి రోజు ఇస్తాం. మీకు ఎంత డోసో మీ డాక్టరే చెప్పాలి. పాంటోప్రజోల్ ఇంకా అవసరమా అని కూడా ఆయన్నే అడగండి, మీ అంతట మీరు ఆపొద్దు.

నెల తర్వాత హిమోగ్లోబిన్ మళ్లీ చూపించండి. కనీసం 1 గ్రాము పెరగకపోతే మాత్ర సరిగ్గా వేసుకోవడం లేదు, లేదా పేగు తీసుకోవడం లేదు, లేదా ఎక్కడో రక్తం పోతోంది. మాత్రలు వేసుకునేటప్పుడు మలం నల్లగా వస్తే టెన్షన్ పడొద్దు, మాత్రలు మొదలుపెట్టకముందే నల్లగా వస్తుంటే మాత్రం ఆ మాట డాక్టర్‌కి వెంటనే చెప్పండి.