టక్‌మని శబ్దం వచ్చింది, పొద్దున దాకా ఆగొచ్చా?

“రాత్రి కలిసినప్పుడు టక్‌మని శబ్దం వచ్చింది. వెంటనే అంగం మెత్తబడి వాచింది. మాది దేవరకొండ. పొద్దున వెళ్తే సరిపోతుందా అన్నా?”

ఆగొద్దు తమ్మీ, ఇప్పుడే బయలుదేరు. అంగంలో ఎముక లేదు. గట్టిపడ్డప్పుడు నెత్తురును పట్టి ఉంచే పొర ఒకటుంటది. మామూలుగా 2 మిల్లీమీటర్ల మందం ఉండే ఆ పొర అప్పుడు సాగి కాగితంలా పలచబడుతుంది. పక్కకు మడతపడితే చిరుగుతుంది. నెత్తురు చర్మం కిందికి కారి, అంగం వాచి వంకాయ రంగుకు తిరిగి, ఒక పక్కకు ఒరుగుతుంది.

ఆ చిరుగును కుట్టాలి. 24 గంటల్లోపు కుడితే మంచిది. మాత్రలతో వాపు తగ్గొచ్చు కానీ చిరిగినచోట గట్టి మచ్చ పడి అంగం వంకర తిరగొచ్చు, తర్వాత సరిగా గట్టిపడకపోవచ్చు.

మూత్రం రాకపోయినా, కొసన నెత్తురు కనబడినా మూత్రనాళం కూడా తెగి ఉండొచ్చు, డాక్టర్‌కు ముందే చెప్పు. పిసకొద్దు, సరిచేయొద్దు. బట్టలో చుట్టిన ఐస్ పెట్టు. మత్తు ఇస్తారు కాబట్టి ఏమీ తినకు, తాగకు.

108కి ఫోన్ చెయ్. నల్లగొండ పెద్దాసుపత్రిలో యూరాలజీ డాక్టర్ లేకపోతే హైదరాబాద్‌కు రాయించుకో. సిగ్గుపడి “జారిపడ్డా” అనకు, జరిగింది జరిగినట్టు చెప్పు.