ఆధార్‌లో 1901 ఉంటే సరిపోదు

"మా పాతబస్తీలో పేరున్న పహిల్వాన్ తాత ఆధార్‌లో 01-01-1901 ఉంది. నిజమో కాదో ఎలా తేల్చాలి?"

అన్నా, ఆధార్ పక్కన పెట్టండి. పుట్టిన తేదీకి కాగితం లేక నోటిమాటగా వయసు చెప్పినవాళ్లకు మామూలుగా జనవరి 1 అనే పడుతుంది. ఆయన కుర్రతనంలో రాసిన కాగితం కావాలి. అప్పుడు ఏళ్లు పెంచి చెప్పుకునే అవసరం ఉండదు కదా.

అమెరికాలో చార్లీ స్మిత్ 1842లో పుట్టానని చెప్పి, 137 ఏళ్ల మనిషిగా పేరు మోసి 1979లో పోయాడు. ఫ్లోరిడాలో దొరికిన 1910 నాటి పెళ్లి రికార్డులో మాత్రం ఆయన వయసు 35! అంటే పుట్టింది 1875 ప్రాంతంలో, పోయేనాటికి సుమారు 104.

తాతగారి నికానామా గానీ బడి రిజిస్టర్ గానీ వెతకండి. తండ్రి పేరు కూడా కలవాలి, ఒకే పేరున్న బంధువులు ఉంటారు. పెద్ద కొడుకు ఏ ఏడు పుట్టాడో కూడా అడగండి. 1960 అంటే ఆధార్ లెక్కన అప్పటికి తాతకు 59 ఏళ్లు, నాకైతే డౌటే.