ఆఫర్ రాకముందే దరఖాస్తు ఉపసంహరించుకోవడం

ప్రశ్న: ఒక రిక్రూటర్ నాకు ఎంతో సాయం చేశారు. నా రెజ్యూమె సరిదిద్దారు, నా వీలు కోసం ఇంటర్వ్యూ తేదీ కూడా మార్పించారు. చివరి రౌండు అయింది, సోమవారం ఆఫర్ లెటర్ వస్తుందన్నారు. "వస్తే తప్పక చేరతాను" అని మెసేజ్ పెట్టాను. ఈలోగా మరో సంస్థలో ఉద్యోగానికి ఒప్పుకున్నాను. ఆవిడకు ఈ మాట ఎలా చెప్పాలో తెలియక నిద్ర పట్టడం లేదు. ఆఫర్ వచ్చేదాకా ఆగి, ఇంట్లో అనారోగ్యమని చెప్పి తప్పుకోవచ్చా? నా మెసేజ్ వల్ల చిక్కు వస్తుందా?

జవాబు: మీరు మెసేజ్ పెట్టిన నాటికి ఆఫర్ మీ చేతిలో ఉందా లేదా అన్నదే ఇక్కడ తేలవలసిన అంశం. కాంట్రాక్టు ఏర్పడాలంటే ముందు ప్రతిపాదన, దానికి అంగీకారం ఉండాలి. జీతం, హోదా, చేరే తేదీ ఏవీ ఖరారు కాకముందు "వస్తే చేరతాను" అనడం మీ ఉద్దేశాన్ని తెలుపుతుందే తప్ప అంగీకారం అనిపించుకోదు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని మిమ్మల్ని బాధ్యులను చేయడం కష్టం. అయితే పేరు నమోదు సమయంలో ఏజెన్సీ ఫారంపై సంతకం చేసి ఉంటే, మధ్యలో తప్పుకోవడం గురించి అందులో ఏం రాసి ఉందో ఈరోజే చదవండి.

రెండో సంస్థకు "ఒప్పుకున్నాను" అన్నారు గానీ, అది ఫోన్‌లోనా, రాతపూర్వకంగానా అన్నది రాయలేదు. ఇంత ముఖ్యమైన సంగతిని వదిలేయడం అజాగ్రత్త. నియామక పత్రం చేతికి అంది, మీరు సంతకం చేసి పంపిన తర్వాతే ఇక్కడ ఉపసంహరణ మెయిల్ పంపండి. ఆ నియామకం పాత ఉద్యోగ వివరాల పరిశీలనకు లోబడి ఉంటుందని పత్రంలో ఉంటే, అది పూర్తయ్యేదాకా దానికీ పూర్తి భరోసా లేదని గుర్తుంచుకోండి.

సోమవారం దాకా ఆగే ఆలోచన మానుకోండి. షరతులతో కూడిన ఆఫర్ వచ్చాక మొహమాటానికి "సరే" అని ఒక్క జవాబు పెట్టినా, ఇప్పుడు లేని బాధ్యత అప్పుడు పుడుతుంది. అనారోగ్యం సాకు అంతకన్నా చెడ్డది. మీరు కొత్త సంస్థలో చేరిన సంగతి అదే రంగంలో పనిచేసే ఆవిడకు తెలియకపోదు, అప్పుడు మీ మెయిలే మీ అబద్ధానికి సాక్ష్యమవుతుంది. "జీతం పెంచితే ఆలోచిస్తాను" అని కూడా రాయవద్దు, వాళ్లు నిజంగానే పెంచితే మళ్లీ ఇరుక్కునేది మీరే.

ముందు ఫోన్ చేసి చెప్పి, అదే రోజు మెయిల్ పంపండి. మెయిల్ ఇలా ఉంటే చాలు: "ఫలానా ఉద్యోగానికి నేను చేసిన దరఖాస్తును ఈ తేదీ నుంచి ఉపసంహరించుకుంటున్నాను. మరో సంస్థలో నియామకాన్ని అంగీకరించాను. ఇంటర్వ్యూ తేదీ మార్పించడంలోనూ, రెజ్యూమె సరిదిద్దడంలోనూ మీరు తీసుకున్న శ్రమకు కృతజ్ఞురాలిని. ఈ సమాచారాన్ని సంస్థకు తెలియజేసి, అందినట్లు జవాబివ్వగలరు." కొత్త సంస్థ పేరు, జీతం చెప్పవలసిన పని లేదు. సాధారణంగా అభ్యర్థి చేరాకే ఏజెన్సీకి రుసుము అందుతుంది కాబట్టి, మీరు ఎంత త్వరగా చెబితే మరొకరిని చూపడానికి ఆవిడకు అంత వ్యవధి దొరుకుతుంది.

మెయిల్‌నూ, అందినట్లు వచ్చిన జవాబునూ భద్రపరచండి. అప్పటికే సిద్ధమైన ఆఫర్ లెటర్ ఆ తర్వాత వచ్చినా అంగీకార బటన్ నొక్కకుండా, మీ ఉపసంహరణ మెయిల్ తేదీని పేర్కొంటూ స్వీకరించడం లేదని రాతపూర్వకంగా తెలపండి.