ఎల్‌సీఎస్ పట్టికలో 1 ఏ గడికి కలపాలి?

చెన్నైలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. రెండు పదాల్లోనూ అదే క్రమంలో వచ్చే అక్షరాల అతి పొడవైన ఉమ్మడి ఉపక్రమమే ఎల్‌సీఎస్; దాని పొడవు కనుక్కునే పట్టికలో అక్షరాలు కలిసినచోట 1 కలిపినా నాది తప్పన్నారు. ఎందుకు?

బహుశా పక్క గడికి 1 కలిపి ఉంటారు. కలపవలసింది ఎడమ పై మూలనున్న గడికి, ఎందుకంటే కలిసిన అక్షరాన్ని రెండు పదాల నుంచీ తీసేశాక మిగిలే భాగాల జవాబు ఉండేది అక్కడే. AB, AAB పదాలకు పట్టిక ఇలా వస్తుంది:

```
     A A B
   0 0 0 0
A  0 1 1 1
B  0 1 1 2
```

A వరుసలో రెండో A దగ్గర ఎడమనున్న 1కి మరో 1 కలిపితే 2 అవుతుంది. కానీ ఆ వరుసకు AB నుంచి తీసుకున్నది ఒక్క అక్షరమే కనుక పొడవు 1ని దాటే వీలు లేదు. మూల గడిలో ఉన్నది 0, అందుకే 1. అక్షరాలు కలవనప్పుడు మాత్రమే పై గడి, ఎడమ గడుల్లోని పెద్ద అంకెను దించాలి. సున్నాల వరుసను లెక్కించకుండా, ఏ అంకైనా తన వరుస సంఖ్యను మించిందంటే ఈ పొరపాటే జరిగిందని అనుమానించవచ్చు. పేపర్లు దిద్దేటప్పుడు నేను మొదట చూసేది అదే.