26 వేల సెట్టు వద్దు, ముందు చెవికి పట్టే ఖర్చు పెట్టండి

ప్రశ్న: మాది కాజీపేట, రైలు పట్టాలకు దగ్గర్లోనే ఇల్లు. పదో తరగతి పిల్లలు 9 మందికి జూమ్‌లో లెక్కలు చెప్తాను, ఒక్కొక్కరు నెలకు 1,500 ఇస్తారు. మాట బావిలోంచి వస్తున్నట్టు ప్రతిధ్వనిస్తోందని, ఫ్యాన్ సౌండ్ వినిపిస్తోందని, మొహం చీకటిగా కనిపిస్తోందని పేరెంట్స్ అంటున్నారు. 4కే వెబ్‌క్యామ్, కండెన్సర్ మైకు కలిపి 26,000కు ఒక సెట్టు చూశాను, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది. మైకు వైరు చివర గుండ్రంగా మూడు పిన్నులున్నాయి. నా ల్యాప్‌టాప్ ఆరేళ్ల కిందటిది, విండోస్ 10. తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. నెలకు వచ్చేది 13,500 అయితే ఆ సెట్టు దాదాపు రెండు నెలల ఫీజు. పైగా అందులో సగం డబ్బు ఎవరూ ఫిర్యాదు చేయని దాని మీద పోతుంది.

నో కాస్ట్ అనే మాట సంగతి ముందు తేల్చేద్దాం. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాళ్లు అంత మొత్తాన్ని ముందే ధరలో తగ్గిస్తారు, అంతవరకు నిజమే. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీదే, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ మీదే. ఏడాదికి 16 శాతం వడ్డీ, 199 ఫీజు అనుకుని లెక్క కడితే 26,000 మీద అటూ ఇటూగా 600 అదనంగా పడుతుంది. 600 పెద్ద మొత్తం కాదు, కానీ నెలనెలా 2,167 కట్టాలి, మార్చిలో పరీక్షలు అయ్యాక పదో తరగతి పిల్లలు వెళ్లిపోతే ఏప్రిల్, మే నెలల్లో ఆ కిస్తీ ఎక్కడి నుంచి తెస్తారు?

ఇంకో చిక్కుంది. మీరు చెప్పిన మూడు పిన్నుల మైకు ల్యాప్‌టాప్‌కు నేరుగా తగలదు, దాన్ని ఎక్స్‌ఎల్‌ఆర్ అంటారు. అలాంటి కండెన్సర్ మైకుకు 48 వోల్టుల కరెంటు ఇచ్చే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె వేరే కొనాలి, అది ఇంకొన్ని వేలు. షాపువాళ్లు చిన్న కన్వర్టర్ వైరు చేతిలో పెట్టి సరిపోతుందంటే నమ్మకండి, పిన్ను మారుతుందే తప్ప కరెంటు రాదు.

సరే, ఆ పెట్టె కూడా కొన్నారనుకుందాం. అప్పుడూ మీ సమస్య తీరదు, ఎందుకంటే అది మైకు రేటుకు సంబంధించింది కాదు, దూరానికి సంబంధించింది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోని మైకు మీ నోటికి రెండడుగుల దూరంలో ఉంది. ఫ్యాన్ మోత, స్లాబు, గోడలు కొట్టే ప్రతిధ్వని గదంతా ఒకేలా నిండి ఉంటాయి, మైకు ఎక్కడ పెట్టినా దాదాపు అంతే వినిపిస్తాయి. మీ గొంతు మాత్రం దూరం సగమైన ప్రతిసారీ రెట్టింపు బలంగా చేరుతుంది. రెండడుగుల నుంచి మూడంగుళాలకు వస్తే మూడుసార్లు సగం చేసినట్టు, అంటే ఎనిమిది రెట్లు. సున్నితమైన కండెన్సర్ మైకు తెచ్చి టేబుల్ మీద అదే రెండడుగుల్లో పెడితే ఫ్యాన్ ఇంకా చక్కగా వినిపిస్తుంది, అంతే తేడా.

అందుకే మీకు కావలసింది నోటి పక్కకు కాడలా వచ్చే మైకు ఉన్న యూఎస్‌బీ హెడ్‌సెట్, 2,000 లోపు పెట్టుకోండి. మైకును పెదాలకు ఎదురుగా కాకుండా నోటి మూల దగ్గర, రెండు వేళ్ల ఎడంగా ఉంచండి, లేకపోతే 'ఫలితం', 'భాగహారం' అన్న ప్రతిసారీ గాలి తగిలి టప్‌మంటుంది. స్పీకర్ ఆపేసి చెవుల్లోనే వింటారు కాబట్టి పిల్లల గొంతు మళ్లీ మైకులోకి తిరిగి వెళ్లదు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉన్నాయిగా అనొద్దు, మైకు వాడడం మొదలుపెట్టగానే చాలావాటిలో సౌండ్ పాత ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది.

కొనే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. ఇంట్లో ఫోన్‌కు వాడే మైకున్న వైరు ఇయర్‌ఫోన్స్ ఉంటాయి కదా, పిన్ను మీద మూడు నల్ల గీతలు చూడండి. ల్యాప్‌టాప్‌కు హెడ్‌ఫోన్, మైకు కలిపి ఒకే రంధ్రం ఉంటే అది పనిచేస్తుంది, వేరే వేరే రెండు రంధ్రాలుంటే మైకు పలకదు. Voice Recorder తెరిచి ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెట్టి పది సెకన్లు మౌనంగా ఉండి, తర్వాత ఒక లెక్క చెప్పండి. అదే పని ల్యాప్‌టాప్ మైకుతో కూడా చేసి రెండూ వినండి. మొదటిదాంట్లో మాట ముందుకు, ఫ్యాన్ వెనక్కి వెళ్తే హెడ్‌సెట్ కొనడానికి సందేహం అక్కర్లేదు. జూమ్ ఆడియో సెట్టింగ్స్‌లో అనవసర శబ్దాలు తగ్గించే ఆప్షన్ కూడా ఉంటుంది, ఫ్యాన్ లాంటి ఒకే తీరు మోతను అది బాగానే తీసేస్తుంది, కానీ మరీ ఎక్కువలో పెడితే మాటల చివర్లు మింగేస్తుంది. రైలు హారన్‌కు మాత్రం మందు లేదు, ఆ కాసేపు మ్యూట్ నొక్కాల్సిందే.

ఇక బొమ్మ. మామూలుగా గ్రూప్ క్లాసులో జూమ్ పంపేది 720పీ లేదా ఇంకా తక్కువ, పైగా మీ పిల్లల్లో చాలామంది ఫోన్‌లోనే చూస్తుంటారు. అక్కడ 4కే కెమెరా ఏం చూపిస్తుంది చెప్పండి! మొహం చీకటిగా ఉండడానికి కారణం వెలుతురు. వెనక కిటికీ ఉంటే కెమెరా ఆ వెలుగుకు సర్దుకుని మిమ్మల్ని నల్లగా చేస్తుంది. గదిలో వెలుతురు చాలకపోతే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలొస్తాయి, చెయ్యి కదిపితే అలుక్కుపోతుంది. కిటికీకి ఎదురుగా కూర్చోండి, సాయంత్రం క్లాసుకు ల్యాప్‌టాప్ వెనక గోడకు ఒక ఎల్‌ఈడీ ట్యూబ్ వేయించండి, 500 దాటదు.

నిజానికి లెక్కల టీచర్ మొహం కంటే పుస్తకం మీద అంకెలు స్పష్టంగా కనబడాలి. తక్కువ ధర వెబ్‌క్యామ్‌లలో చాలావాటికి ఫోకస్ స్థిరంగా ఉంటుంది (లాజిటెక్ సీ270 అలాంటిదే), మొహానికి సరిపోతుంది కానీ నోట్‌బుక్ దగ్గరగా పెడితే అక్షరాలు మసక. దానికి మీ ఫోన్ వెనక కెమెరా చాలా మేలు. 700, 800లో ఒక స్టాండు కొని ఫోన్‌ను పుస్తకం పైన కిందికి చూసేలా బిగించి, అదే క్లాసులోకి రెండో మనిషిలా చేరండి. ఫోన్‌లో మాత్రం ఆడియో కలపకండి, కలిపితే కీచుమంటుంది.

మొత్తం 3,300 లోపే, ఈ నెల ఫీజులోంచే చేతి డబ్బుతో అయిపోతుంది. ఇవన్నీ పెట్టాక కూడా ల్యాప్‌టాప్ కెమెరా నచ్చకపోతే అప్పుడు 1080పీ, ఆటోఫోకస్ ఉన్న యూఎస్‌బీ వెబ్‌క్యామ్ చూడండి. పెట్టె మీద యూవీసీ అనో, డ్రైవర్ అవసరం లేదనో ఉన్నది తీసుకుంటే రేపు ల్యాప్‌టాప్ మార్చినా పనికొస్తుంది. అన్నీ ఒకే చౌక యూఎస్‌బీ హబ్‌కు గుచ్చకండి, కెమెరా మధ్యమధ్యలో ఆగిపోతుంటే మొదట అనుమానించాల్సింది దాన్నే.

ల్యాప్‌టాప్ మాట ఎందుకన్నానంటే, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. ల్యాప్‌టాప్ మార్చడమే మీకు రాబోయే పెద్ద ఖర్చు. ఈఎంఐ కట్టాలనుకున్న ఆ 2,167 నెలనెలా ఆర్డీలో వేయండి, ఏడాదికి అసలే 26,000 అవుతుంది. హెడ్‌సెట్ హన్మకొండ చౌరస్తాలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, నచ్చకపోతే ఎన్ని రోజుల్లో మార్చి ఇస్తారో ముందే అడిగి, తెచ్చిన రోజు సాయంత్రమే ఫ్యాన్ వేసి ఆ రికార్డింగ్ పరీక్ష మళ్లీ చేయండి.