సారె ‘ఎంత’ అని అడగవచ్చా?

సందేహం: పెళ్లయ్యాక మా అమ్మాయికి ఇది తొలి శ్రావణం. మాది గుంటూరు, వియ్యాలవారిది విజయవాడ. ‘లాంఛనాలు శక్తికొద్దీ పంపండి’ అని మా వియ్యపురాలు ఫోన్ చేశారు. ‘శక్తికొద్దీ’ అంటే కొద్దిగా చాలనా, ఉన్నదంతా పెట్టమనా? సారె, లాంఛనాలు ఒకటేనా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి, గుంటూరు

సమాధానం: ముందు ‘శక్తికొద్దీ’ సంగతి చూద్దాం. ఇక్కడి ‘కొద్దీ’కి అర్థం ‘కొంచెం’ కాదు, ‘ఉన్నదంతా’ కూడా కాదు. దీని పాత రూపం ‘కొలది’. అంటే కొలత, పరిమాణం. ‘పిండి కొద్దీ రొట్టె’ అంటాం కదా, అందులో ఉన్నదీ ఇదే మాట. పిండి ఎంత ఉంటే రొట్టె అంత. ఉన్న బలమంతా పెట్టమనడానికి తెలుగులో వేరే మాట ఉంది, ‘శక్తివంచన లేకుండా’ అని. మీ వియ్యపురాలు ఆ మాట వాడలేదు. ‘శక్తికొద్దీ’ అన్నప్పుడు కొలవాల్సింది పంపేవారి శక్తిని. అందుకునేవారి హోదాతో దానికి పని లేదు.

‘లాంఛనం’ సంస్కృతం నుంచి వచ్చింది. గుర్తు, చిహ్నం అని దాని అర్థం. ‘లాంఛనంగా ప్రారంభించారు’, ‘లాంఛనప్రాయం’ అంటున్నప్పుడు మనం ఆ అర్థంలోనే వాడుతున్నాం. ఆడపడుచు లాంఛనం కూడా మర్యాదకు గుర్తుగా పుట్టినదే. ఇప్పుడు లక్షల్లో లెక్కపెట్టే సొమ్మును కూడా ‘లాంఛనాలు’ అంటున్నారు. గుర్తు అనే మాటను అంత బరువుకు తగిలించడం నాకు బాధగా ఉంటుంది.

సారె వేరు. లాంఛనాల పేరుతో అడిగే కట్నానికీ దానికీ తేడా క్రియల్లోనే తెలుస్తుంది. కట్నం ‘ఇస్తారు’, ‘తీసుకుంటారు’, ‘అడుగుతారు’. సారె మాత్రం ‘పెడతారు’, ‘తెస్తారు’, ‘పంచుతారు’. అన్నం పెట్టడం, బట్టలు పెట్టడం, సారె పెట్టడం, మూడింటిలోనూ ఉన్నది ఒకే ‘పెట్టు’. పెట్టుపోతలు అన్న మాటా దానితో కట్టిందే. ఆషాఢంలో ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మకు భక్తులు తెచ్చే సారె చూడండి. చీర, రవిక గుడ్డ, పసుపు కుంకుమ, గాజులు, పూలు, పండ్లు, స్వీట్లు. అమ్మవారిని ఆడపడుచుగా భావించి తెచ్చేవి కాబట్టి ఇంటి సారెలో ఉండేవే అక్కడా ఉంటాయి. ఇంటి సారెలో చలిమిడి తప్పనిసరి.

ఇక ఎన్ని పంపాలన్నది. సారె పంచడానికి వస్తుంది కాబట్టి, దాని కొలత పంచే ఇళ్ల లెక్క. మా చిన్నప్పుడు సారె రాగానే అమ్మమ్మ వరండాలో పెద్ద పళ్లెం ముందు కూర్చుని, ఇంటికి రెండు లడ్లు, రెండు అరిసెలు, ఒక చలిమిడి ముద్ద, పక్కన పసుపు కుంకుమ పొట్లం సర్దేది. మేం పిల్లలం వీధంతా తిరిగి ఇచ్చి వచ్చేవాళ్లం. మీరూ అలాగే లెక్క వేసుకోండి. వాళ్ల అపార్ట్‌మెంటులో 30 ఫ్లాట్లు, దగ్గరి బంధువులు 10 ఇళ్లు అనుకుందాం. ఇంటికి రెండు చొప్పున 80 లడ్లు, ఇంట్లోకి 20, శుభానికి ఒకటి కలిపితే 101. ఒక్కో లడ్డు 50 గ్రాములైతే మొత్తం సుమారు అయిదు కిలోలు. అరిసెలూ అన్నే. మిగతా స్వీట్లు మీ ఇష్టం. పైన అమ్మాయికీ అల్లుడికీ, అత్తమామలకూ, ఆడపడుచు ఉంటే ఆ పిల్లకూ బట్టలు. అక్కడితో సారె పూర్తయినట్టే. ఇరవై రకాల స్వీట్లు పంపితే సగం పాడై పారబోయడమే.

లెక్క ఎక్కడ తప్పుతుందో కూడా మాటల్లోనే పట్టుకోవచ్చు. ‘ఏమేం తెచ్చారు?’ అని అడిగినంతవరకూ అది సారె. ‘ఎంత పెడుతున్నారు?’ అని ముందే అడిగినా, ఫ్రిజ్, బంగారం అంటూ జాబితా పంపినా, పేరు సారె అయినా అది కట్నమే. 1961 వరకట్న నిషేధ చట్టంలోని నిర్వచనం పెళ్లి తర్వాత ఇచ్చేవాటినీ కలుపుకుంటుంది, పెళ్లికి సంబంధించి ఇచ్చినవైతే. పెళ్లప్పుడు వరుడికి అడగకుండా ఇచ్చే కానుకల విషయంలోనూ, ఆనవాయితీగా ఇచ్చేవై ఉండాలనీ, ఇచ్చేవారి ఆర్థిక స్థితికి మించి ఉండకూడదనీ ఆ చట్టం అంటుంది. చూశారా, చట్టమూ కొలిచింది ఇచ్చేవారి శక్తినే.

మీ వియ్యపురాలు జాబితా ఏదీ చెప్పలేదు కాబట్టి, ఆవిడ మాటను మంచిగానే తీసుకోండి. జవాబులో మాత్రం ‘లాంఛనాలు’ అనకుండా ‘సారె’ అనండి. ఫోన్ చేసి ఇలా అడగండి: ‘వదినగారూ, శ్రావణ సారె మా శక్తికొద్దీ తెస్తున్నాం. మీ వైపు ఎన్ని ఇళ్లకు పంచుకుంటారు?’