ఈఓడీ అన్నప్పుడు గంటతో సహా రాసి పంపండి

"డల్లాస్ మేనేజర్ రోజూ 'ఈఓడీ', 'ఏఎస్ఏపీ' అని మెసేజ్ పెడతారు, హైదరాబాద్‌లో రాత్రి ఎంతసేపు కూర్చోవాలో తెలియక టెన్షన్. ఎలా అడగాలండీ?"

ఈఓడీ అంటే ఎప్పుడని అడగకండి, టైమ్ మీరే రాసి ఒప్పించుకోండి. ఆయనకి గురువారం సాయంత్రం 6 అంటే మనకి శుక్రవారం తెల్లవారుజాము 4:30, అదే నవంబర్ మొదటి ఆదివారం వాళ్ల గడియారం మారాక 5:30. ఆ టైమ్‌కి పంపినా ఆయన చాలాసార్లు మర్నాడు పొద్దున్నే చూస్తారు కాబట్టి, రాత్రంతా కూర్చునే ముందు ఇలా పెట్టండి:

"రిపోర్ట్ నవంబర్ 6 శుక్రవారం, హైదరాబాద్ టైమ్ సాయంత్రం 6:30కి (డల్లాస్‌లో అదే రోజు ఉదయం 7:00) పంపుతాను. అంతకుముందే కావాలంటే ఇప్పుడే చెప్పండి."

నెల పేరు అక్షరాల్లోనే రాయండి, 6/11 అంటే అమెరికాలో జూన్ 11 అనుకుంటారు. సీఎస్టీ, ఐఎస్టీ కూడా వద్దు, చైనా టైమ్ కూడా సీఎస్టీయే, ఊరి పేరు రాస్తే గొడవ ఉండదు.

ఏఎస్ఏపీకి మాత్రం "ఇది ఏ మీటింగ్‌కి కావాలండీ, అదెన్నింటికి?" అని అడగండి, మీటింగ్ టైమ్ తెలిస్తే గడువు దానంతటదే తేలిపోతుంది.